జీతం ఎగ్గొట్టింది ఏజెన్సీ అయితే, కట్టాల్సింది ఎవరు?

(గుంటూరులో ఔట్‌సోర్సింగ్ కార్మికుల సమావేశంలో ఒక కార్మిక న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. అందుకని చుట్టూ తిప్పకుండా అసలు విషయంలోకి వెళ్తాను.

మీలో చాలామంది నా దగ్గరకు వచ్చి మొదట అడిగే మాట ఒకటుంది. "సార్, మేం ఎవరి మనుషులం?" అంటారు. పని ఆసుపత్రిలో, గేటు పాస్ ఆసుపత్రిది, డ్యూటీ వేసేది ఆసుపత్రి సూపర్‌వైజరు. జీతం మాత్రం ఏజెన్సీ పేరు మీద పడుతుంది. మూడు నెలలు పడలేదనుకోండి. ఏజెన్సీని అడిగితే "బిల్లు రాలేదమ్మా" అంటాడు. ఆసుపత్రిని అడిగితే "మీరు మా స్టాఫ్ కాదు, ఏజెన్సీని అడుక్కోండి" అంటారు. ఇద్దరూ చెరో వైపు వేలు చూపిస్తారు. అవునా కాదా?

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. రెండూ ఒకటే అనుకోవడం వల్లే మన కేసులు పాడవుతున్నాయి. మొదటిది, నేను ఎవరి ఉద్యోగిని? నన్ను పర్మినెంట్ చేయాల్సింది ఎవరు? రెండోది, నాకు రావాల్సిన మూడు నెలల జీతం ఎవరు కట్టాలి? మొదటిది చాలా కష్టమైన ప్రశ్న. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న. రెండోది అంత కష్టం కాదు, చట్టంలో సూటిగా రాసి ఉంది. మనం ఏం చేస్తున్నాం? రెండోదానికి జవాబు కావాలంటే ముందు మొదటిదాన్ని గెలవాలనుకుంటున్నాం. అక్కర్లేదు. మళ్ళీ చెప్తున్నాను, అక్కర్లేదు. జీతం బకాయి రాబట్టుకోవడానికి మీరు ఆసుపత్రి ఉద్యోగులని నిరూపించాల్సిన పనే లేదు.

ముందు ఆ కష్టమైన ప్రశ్న సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను, లేకపోతే మీకు తృప్తిగా ఉండదు.

1978లో కోళికోడ్‌లో తాళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీ కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 29 మంది కార్మికులకు పని లేదన్నారు. వాళ్ళు కాంట్రాక్టర్ల మనుషులు, మావాళ్ళు కారు అన్నాడు యజమాని. జస్టిస్ కృష్ణయ్యర్ ఏమన్నారంటే, కాంట్రాక్టరు అనే తెర తీసి చూడండి అన్నారు. కార్మికుల బతుకు మీద, పని ఉంటుందా ఊడుతుందా అన్న దాని మీద ఆర్థికంగా పట్టు ఎవరి చేతిలో ఉందో వాడే నిజమైన యజమాని అన్నారు. మనకు ఎంతో ఇష్టమైన తీర్పు. ఇప్పటికీ యూనియన్ మీటింగుల్లో చెప్పుకుంటాం.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో మాట చెప్పింది. కాంట్రాక్టు లేబర్‌ని ప్రభుత్వం నిషేధించినా సరే, ఆ కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులు అయిపోరు అంది. కాంట్రాక్టు ఉత్త బూటకం, కాగితం మీద మాత్రమే ఉంది అని లేబర్ కోర్టులో సాక్ష్యాలతో నిరూపిస్తే అప్పుడు వేరు. 2009లో ఎయిర్‌పోర్టు అథారిటీ కేసు మన ఏజెన్సీవాళ్ళకు మరీ దగ్గరగా ఉంటుంది. మనుషుల్ని సప్లై చేయడమే కాంట్రాక్టు అయినప్పుడు, ఆ మనుషులు కంపెనీవాళ్ళు చెప్పినట్టే పని చేస్తారు కదా, అంతమాత్రాన కంపెనీ ఉద్యోగులు కారు అంది కోర్టు. ఎవరు పని చెప్పారన్నది ఒక్కటే చాలదు. ఎవరు తీసుకున్నారు, ఎవరు తీసేయగలరు, జీతం ఎవరిస్తున్నారు, శిక్ష వేసే అధికారం ఎవరిది, ఇవన్నీ చూడాలి. 2014లో ఎయిరిండియా క్యాంటీన్ కేసులో కూడా ఇదే వరుస చెప్పారు. అందుకే ఈ ప్రశ్నలో గెలవడం కష్టం అన్నాను. పోరాడొద్దని నేను అనను. కానీ మూడు నెలల అద్దె కట్టలేదని ఇంటి ఓనరు తలుపు కొడుతున్నప్పుడు, ఈ కేసు తేలేదాకా కూర్చుంటే అవుతుందా?

సరే, ఇప్పుడు జీతం సంగతి.

1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో 21వ సెక్షన్, నాలుగో క్లాజు. రాసుకోండి, రాసుకోకపోయినా పర్లేదు, అర్థం గుర్తుంచుకోండి. కాంట్రాక్టరు గడువులోగా జీతం ఇవ్వకపోయినా, తక్కువ ఇచ్చినా, ప్రధాన యజమాని, అంటే పని జరిగే చోటి యజమాని, ఆ మొత్తాన్ని కార్మికుడికి కట్టాలి. కట్టాక కాంట్రాక్టరు బిల్లులో కోసుకుంటాడో, అప్పుగా వసూలు చేసుకుంటాడో వాళ్ళిద్దరి సంగతి. బ్యాంకు అప్పుకు జామీను సంతకం పెట్టినవాడి పరిస్థితి ఎలా ఉంటుందో, ఇక్కడ ప్రధాన యజమానిది అదే పరిస్థితి. "అప్పు నేను తినలేదు" అంటే బ్యాంకు ఊరుకుంటుందా?

ఇందులో "తక్కువ ఇచ్చినా" అన్న మాట ఉంది చూశారా, దాన్ని వదిలిపెట్టకండి. పూర్తిగా ఎగ్గొట్టినప్పుడే కాదు, పదిహేను వేలకు పన్నెండు వేలు వేసినా ఆ మిగతా మూడు వేలకూ ప్రధాన యజమాని బాధ్యుడే.

ఆ చట్టం స్థానంలో ఇప్పుడు లేబర్ కోడ్‌లు వచ్చాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. కొత్తగా ఏదో పోయిందని భయపడకండి, ఈ విషయంలో పోలేదు. వృత్తి భద్రత కోడ్ 55వ సెక్షన్‌లో అదే మాట ఉంది. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమాని కట్టాలి, తర్వాత వసూలు చేసుకోవాలి. పైగా ఇంకోటి చేర్చారు. కాంట్రాక్టరు లైసెన్సు కోసం కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ నుంచి కూడా జీతాలు ఇప్పించమని ప్రభుత్వం ఆర్డరు వేయవచ్చు. జీతం బ్యాంకు ద్వారానే వేయాలి, వేసినట్టు ప్రధాన యజమానికి తెలియజేయాలి. అంటే "ఏజెన్సీ ఇచ్చిందో లేదో మాకు తెలియదు" అనే మాట ఇక ఆసుపత్రివాళ్ళు అనడానికి లేదు.

ఒక మెలిక ఉంది. పాత చట్టం 20 మంది ఉంటే చాలు, వర్తించేది. కొత్త కోడ్‌లో కాంట్రాక్టు లేబర్ అధ్యాయం 50 మందికి పెంచారు. గడిచిన పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజైనా 50 మంది ఉంటే సరిపోతుంది. మరి చిన్న నర్సింగ్ హోమ్‌లో పన్నెండు మంది ఉన్నారు, వాళ్ళ గతేంటి? వాళ్ళకి వేతనాల కోడ్ ఉంది. దాని 43వ సెక్షన్‌కు మనుషుల లెక్క లేదు. యజమాని జీతం కట్టకపోతే, ఉద్యోగి పనిచేస్తున్న సంస్థ ఏ కంపెనీదో, ఏ వ్యక్తిదో, ఆ సొంతదారు బాధ్యుడు అని ఉంది. అవతలి లాయరు ఊరుకోడు, "ఇక్కడ సంస్థ అంటే ఏజెన్సీయే, నర్సింగ్ హోమ్ కాదు" అని వాదిస్తాడు. వాదించనివ్వండి. నా దృష్టిలో, గేటు పాసు, హాజరు పట్టిక ఎవరివో చూపిస్తే మన వాదనకే బలం ఉంటుంది. కానీ యాభై మంది దాటినచోట ఉన్నంత తేలిక ఇక్కడ ఉండదని ముందే చెప్తున్నాను.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక ఊహాత్మక కేసు అనుకోండి. పెద్ద ఆసుపత్రి, ఏజెన్సీ తరఫున 64 మంది హౌస్‌కీపింగ్. జీతం 15,000, మొత్తం బేసిక్‌గానే. పీఎఫ్ కింద మీ వాటా 12 శాతం, 1,800 పోతుంది. ఈఎస్ఐ ముప్పావు శాతం, 113 పోతుంది. చేతికి రావాల్సింది 13,087. మూడు నెలలకు ఒక్కొక్కరికి 39,261. అరవై నలుగురికి కలిపితే 25 లక్షల 12 వేల పైచిలుకు. ఏజెన్సీ దీనికి యజమాని వాటా పీఎఫ్, ఈఎస్ఐ, తన కమీషను కలిపి ఆసుపత్రికి బిల్లు పెడుతుంది.

ఇక్కడ మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఏమిటో చెప్పండి? ఎవరన్నా చెప్పండి. అదిగో, ఆ అమ్మ చెప్పింది, కరెక్టు. ఆసుపత్రి ఆ బిల్లు ఏజెన్సీకి కట్టిందా లేదా?

కట్టలేదనుకోండి. అప్పుడు మన పని సులువు. ఆ డబ్బు ఇంకా ఆసుపత్రి దగ్గరే ఉంది. జీతాలు నేరుగా మీ ఖాతాల్లో వేసి, అంత మేర ఏజెన్సీ బిల్లులో తగ్గించుకుంటే అయిపోతుంది. ఆసుపత్రికి ఒక్క రూపాయి నష్టం లేదు. లేబర్ ఆఫీసరు ముందు ఇది చెప్తే చాలాసార్లు అక్కడికక్కడే దారికొస్తారు.

కట్టేశారనుకోండి, ఏజెన్సీవాడు డబ్బు తీసుకుని ఫోన్ స్విచాఫ్ చేశాడు. అప్పుడు ఆసుపత్రి సూపరింటెండెంటు ఏమంటాడు? "ఒకసారి కట్టాం, రెండోసారి ఎలా కడతాం? ఆడిట్ వాళ్ళు మమ్మల్ని ఉరి తీస్తారు." ఆయన బాధ ఆయనది, నాకూ అర్థమవుతుంది. కానీ చట్టం ఆయన్ని రెండోసారి కట్టమనే అంటోంది. ఏజెన్సీకి ఆయనే టెండరు ఇచ్చాడు, ఆయన దగ్గరే బ్యాంకు గ్యారంటీ ఉంది, తర్వాతి నెలల బిల్లులు ఆయన చేతిలో ఉన్నాయి. వాడి నుంచి రాబట్టుకునే దారులు ఆయనకున్నాయి. ఊడ్చే అమ్మకి ఏమున్నాయి? పాత చట్టంలో ఇంకో సంగతుండేది. జీతం పంచేటప్పుడు ప్రధాన యజమాని తరఫు మనిషి ఎదురుగా ఉండి, నా సమక్షంలో ఇచ్చారు అని రిజిస్టరులో సంతకం పెట్టాలి. కొన్ని చోట్ల ఆ సంతకాలు నెలాఖరున ఒకేసారి కట్టగా పెట్టించుకునేవాళ్ళు. పాత బకాయి కేసు అయితే ఆ రిజిస్టరు తెప్పించండి. డబ్బు రాని నెలకు కూడా "ఇచ్చారు" అని సంతకం ఉందంటే, ఆ ఆఫీసరు చిక్కుకున్నట్టే.

ప్రభుత్వ ఆఫీసులో ప్రధాన యజమాని ఎవరని అడుగుతారు. ఆ శాఖాధిపతి, లేదా ప్రభుత్వం చెప్పిన అధికారి. నోటీసులో "ప్రభుత్వం" అని గాల్లో రాయకుండా ఆ హోదా పేరు రాయండి. రాష్ట్రంలో 2020 జులైలో ఆప్కోస్ మొదలైనప్పుడు ప్రైవేటు ఏజెన్సీల బదులు ప్రభుత్వ కార్పొరేషనే మధ్యలోకి వచ్చింది. దానిపై రాజకీయం ఇక్కడ మాట్లాడను. మధ్యలో ఉన్నది ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు మనిషి అయినా, పని చేయించుకున్న శాఖ బాధ్యత తప్పదు, అంతే.

"బిల్లు రాలేదు" అన్న సాకు గురించి విడిగా చెప్పాలి. ఏజెన్సీ ఒప్పందాల్లో, మీ నియామక కాగితాల్లో కూడా, "క్లయింటు నుంచి సొమ్ము అందాకే జీతం" అని ఒక వాక్యం పెడతారు. మీరు సంతకం పెట్టారు. పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా పడాలని వేతనాల కోడ్ చెబుతోంది. క్లయింటు కట్టాక, అని అందులో లేదు. కోడ్ ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం అంతవరకు చెల్లదు. అలాగే ఆసుపత్రికీ ఏజెన్సీకీ మధ్య ఒప్పందంలో "జీతాల పూర్తి బాధ్యత ఏజెన్సీదే" అని ఉంటుంది. దాన్ని తెచ్చి మన ముందు పెడతారు. అది వాళ్ళిద్దరి మధ్య పనిచేస్తుంది. అందులో మన సంతకం లేదు, మన మీద పనిచేయదు. పని మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి, ఇది చాలామందికి తెలియదు.

ఇక సాక్ష్యం. కేసు వేస్తే, జీతం కట్టామని నిరూపించాల్సిన భారం యజమాని మీదే ఉంటుంది. కానీ మీరు అక్కడ పని చేశారని మాత్రం మీరు చూపించాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. ఏజెన్సీ నియామక పత్రం ఇవ్వదు, జీతం చీటీ ఇవ్వదు. అయినా మీ దగ్గర చాలా ఉంటాయి. జీతం పడిన పాత నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి, ఎవరి ఖాతా నుంచి పడిందో అందులో ఉంటుంది. పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి, సంస్థ పేరు, ఏ నెల నుంచి ఆగిందో తెలుస్తుంది. పీఎఫ్ కూడా ఎగ్గొట్టి ఉంటే, ఆ బాధ్యత కూడా చివరికి ప్రధాన యజమాని దాకా వెళ్తుంది. సూపర్‌వైజరు వాట్సాప్ గ్రూపులో పెట్టే డ్యూటీ చార్టులు తుడిచేయకండి. గేటు పాసు, బయోమెట్రిక్ హాజరు, యూనిఫారంతో డ్యూటీలో తీసిన ఫోటో, అన్నీ దాచండి.

అన్నిటికన్నా బలమైన కాగితం ఎక్కడుందో తెలుసా? ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్‌లో. ఏజెన్సీ బిల్లుతో పాటు మీ పేర్లతో హాజరు పట్టిక జత చేయాలి, దాని మీద ఆసుపత్రి సూపర్‌వైజరు సంతకం ఉంటుంది. హాజరు లేకుండా బిల్లు పాసవదు కదా! ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏజెన్సీతో ఒప్పందం కాపీ, ఫలానా నెలల బిల్లులు, వాటికి జత చేసిన హాజరు, ఏ తేదీన ఎంత కట్టారు, పీఎఫ్ చలానాలు. ఈ ఐదే అడగండి, చాట భారతం రాయకండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు అయితే, ఆ రికార్డులు తెప్పించమని అధికారినే కోరాలి.

నగదు వెనక్కి తీసుకునే పద్ధతి ఒకటుంది, మీలో కొంతమంది తల దించుకుంటున్నారు, తప్పు మీది కాదు. ఖాతాలో పూర్తి జీతం వేస్తారు, సాయంత్రం ఏజెన్సీ మనిషి వచ్చి రెండు వేలు తిరిగి తీసుకుంటాడు. కొన్నిచోట్ల ఏటీఎం కార్డులే వాడి దగ్గర ఉంటాయి. ఈ కేసు కోర్టుకెళ్తే బ్యాంకు స్టేట్‌మెంటు వాడికే సాక్ష్యం చెబుతుంది. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే నోట్లు ఇవ్వకండి, ఫోన్‌లో వేయండి. ఆ ఎంట్రీ రేపు పనికొస్తుంది.

ఎక్కడ వేయాలి? రాష్ట్ర ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలకు మీ సహాయ కార్మిక కమిషనరు ఆఫీసు. రైల్వే స్టేషను, విమానాశ్రయం, బ్యాంకు, బొగ్గు గని అయితే కేంద్ర కార్మిక శాఖ అధికారి. పక్క ఆఫీసులో వేసి నెలలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. రైల్వే స్టేషను ఊడ్చేవాళ్ళు రాష్ట్ర ఆఫీసుకు వెళ్ళి కూర్చోవడం అన్నది మరీ మామూలు.

దరఖాస్తులో ప్రతివాదులు ఇద్దరూ ఉండాలి, ఒకటి ఏజెన్సీ, రెండు ప్రధాన యజమాని. ఏజెన్సీ ఒక్కడి మీదే వేస్తే ఆర్డరు వస్తుంది, పట్టుకుందామంటే వాడు ఉండడు. ఆసుపత్రి ఒక్కదాని మీదే వేస్తే "ముందు ఏజెన్సీ ఎగ్గొట్టిందని తేల్చండి" అని వాయిదాలు పడతాయి. అందరూ కలిసి ఒకే దరఖాస్తు వేయొచ్చు, లేదా మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టరు యూనియన్ వేయొచ్చు. విడివిడిగా అరవై నాలుగు వేయకండి. కొత్త కోడ్ కింద గడువు మూడేళ్ళు. పాత వేతనాల చెల్లింపు చట్టంలో పన్నెండు నెలలే ఉండేది. మూడేళ్ళున్నాయి కదా అని కూర్చోవద్దు, ఏజెన్సీకి సెక్యూరిటీ డిపాజిట్ తిరిగి ఇచ్చేయకముందే వెళ్ళాలి. కాంట్రాక్టు ముగిసిన రోజే డిపాజిట్ ఆపమని ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇవ్వండి, రశీదు తీసుకోండి.

అధికారి మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని ఉంది. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు. "దాకా" అన్నాను. పది రెట్లు వస్తాయని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి. అది అధికారి విచక్షణ. కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు.

టెండరు మారి కొత్త ఏజెన్సీ వస్తే? "పాత బాకీతో మాకు సంబంధం లేదు" అంటాడు. నిజమే, వాడికి లేదు. కానీ ఆసుపత్రి మారలేదు కదా. ఏజెన్సీలు వస్తాయి, పోతాయి, ప్రధాన యజమాని మాత్రం అక్కడే ఉంటాడు. మళ్ళీ పనిలో పెట్టుకోవడానికి కొత్తవాడు డిపాజిట్ అడిగితే మాత్రం, అది జీతం కాదు. ప్రధాన యజమాని నుంచి వసూలు చేసుకునే బాకీ కాదు. దానికి ఫిర్యాదు వేరు.

ప్రశ్న చీటీలు వచ్చాయి, రెండింటికి చెప్తాను. ఒకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పేరోల్ ఏజెన్సీ తరఫున పనిచేసే తమ్ముడి గురించి రాశారు. అక్కడ పరిస్థితి వేరు, జాగ్రత్తగా వినండి. ఏజెన్సీయే పర్మినెంట్‌గా పెట్టుకుని, ఏటా ఇంక్రిమెంటు, పీఎఫ్ లాంటి భద్రత ఇస్తూ క్లయింటు దగ్గరికి పంపితే, ఆయన్ని కొత్త కోడ్ కాంట్రాక్టు లేబర్‌గా లెక్కించదు. అప్పుడు 55వ సెక్షన్ పట్టుకుని క్లయింటు మీదకు వెళ్ళడం కుదరదు. నేరుగా ఏజెన్సీ మీద వేతనాల క్లెయిము వేయాలి. ప్రాజెక్టు అయ్యేదాకా అని తీసుకుని ఇంక్రిమెంటు లేకుండా ఉంచితే, ఆయనా మనలాంటి వాడే. నియామక పత్రం తీసుకురమ్మనండి.

రెండో చీటీ. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు అని ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారు, ఇప్పుడు వేయొచ్చా?" వేయొచ్చు. డబ్బు పడకుండా పడిందని రాసుకున్న కాగితాన్ని బ్యాంకు స్టేట్‌మెంటే కొట్టేస్తుంది. సంతకం ఏ తేదీన, ఎవరి ఎదుట, ఏం చెప్పి తీసుకున్నారో ఈ రాత్రే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో అమ్మా. పక్కన ఇంకెవరున్నారో వాళ్ళ పేర్లు కూడా. పదో తారీఖున లేబర్ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు మూడు నెలల స్టేట్‌మెంటు, ఆధార్ జిరాక్సు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తెచ్చి ఈ బల్ల దగ్గర ఇవ్వండి. దరఖాస్తు ఒకటే టైపు చేయిస్తున్నాం, దాని వెనక పేర్ల జాబితాలో మీరు, మీ బకాయి నెలలు, మొత్తం, సంతకం ఉండాలి.